నూటికి అర్ధరూపాయి వడ్డీకి పదేళ్ల బందీ: బ్యాంకు మేనేజరుకు మర్యాదగా కాదని చెప్పడం ఎలా?

ప్రశ్న: నమస్కారం సార్. నాకు 26 ఏళ్లు, మాది ఉద్దానం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా చేస్తున్నాను, చేతికి నెలకు 46 వేలు వస్తుంది. శ్రీకాకుళంలో నా జీతం పడే బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ ఒకాయన మూడు నెలలుగా ఒక ప్లాను తీసుకోమంటున్నారు. ఏటా లక్ష చొప్పున పదేళ్లు కట్టాలి. మొదటి లక్ష కట్టిన రోజు నుంచి పన్నెండేళ్లు నిండాక, ఏటా రెండు లక్షల చొప్పున పదేళ్లు ఇస్తారు. "పది లక్షల మీద ఏటా రెండు లక్షలంటే 20 శాతం, గ్యారంటీ, పైగా ట్యాక్స్ సేవింగ్" అంటున్నారు. పది లక్షల బీమా కూడా ఉందట. ఆయన మంచి మనిషే. నాన్న పంట లోను రెన్యువల్‌కి సాయం చేశారు, అమ్మకి లాకరు ఇప్పిస్తానన్నారు. తిత్లీ తుఫానుకి పోయిన జీడితోట మళ్లీ వేయడానికి నాన్న బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా లక్షన్నర ఉంది. నాకు ఈ ప్లాను ఇష్టం లేదు కానీ ఆయన మొహం చూసి కాదనలేకపోతున్నాను. ఇలా ఒక మెయిల్ రాసి పంపకుండా ఉంచాను: "సార్, మీ ప్లాను చాలా బాగుంది. ప్రస్తుతం ఇంట్లో ఖర్చులున్నాయి. నాన్నగారితో మాట్లాడి మార్చి తర్వాత చెబుతాను. ఏమీ అనుకోకండి." ఇది సరిపోతుందా? కాదంటే లాకరు, లోను ఆగిపోతాయా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. పోయిన వారం ఆధార్, పాన్ కాపీలు తీసుకున్నారు, అర్హత చూడటానికని ఒక ఓటీపీ కూడా అడిగితే చెప్పేశాను.

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ ఓటీపీ సంగతి చూద్దాం, మిగతావి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు. నేను ఇరవై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరు వెనక పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, "అర్హత చూడటానికి" అని అడిగే ఓటీపీ చాలాసార్లు ప్రపోజల్ ఫారం మీద నీ సంతకంతో సమానం. ఇప్పుడు కాగితాలు లేవు, ట్యాబ్‌లో ఫారం నింపుతారు, నీ ఫోనుకి వచ్చిన అంకెలు అందులో కొడితే నువ్వు చదివి ఒప్పుకున్నట్టే లెక్క. అందుకని ఈ రోజే ఫోన్లో పాత మెసేజీలు వెతుకు. ఆ ఓటీపీ వచ్చిన మెసేజీ పూర్తిగా చదువు, అది దేనికో అందులోనే రాసి ఉంటుంది. "ప్రపోజల్", "పాలసీ", "ప్రీమియం", "మ్యాండేట్" అనే మాటలు ఎక్కడైనా కనబడ్డాయా చూడు. ఈమెయిల్లో స్పామ్ ఫోల్డరు కూడా చూడు. బ్యాంకు యాప్‌లో మ్యాండేట్లు లేదా ఆటో డెబిట్ అనే చోటుకి వెళ్లి, నీకు తెలియనిది ఏదైనా నమోదై ఉంటే అక్కడే రద్దు చెయ్యి, అది కుదరకపోతే బ్రాంచికి రాసి ఇవ్వు.

ఏమీ కనబడకపోతే మంచిదే, కింద రాసిన మెయిల్ పంపితే చాలు. ప్రపోజల్ నంబరు వచ్చి పాలసీ ఇంకా రాకపోతే, ఆ బీమా కంపెనీకి నేరుగా "నా ప్రపోజల్ ఉపసంహరించుకుంటున్నాను" అని రాయి. కంపెనీ అంగీకరించేలోపు ప్రపోజల్ వెనక్కి తీసుకునే హక్కు నీకుంది. పాలసీ వచ్చేసి డబ్బు కూడా కట్ అయిపోయి ఉంటే కంగారు పడకు. పాలసీ పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కిచ్చేయవచ్చు, దాన్ని ఫ్రీ లుక్ అంటారు. స్టాంపు ఖర్చు, వైద్య పరీక్షలు చేయించి ఉంటే ఆ ఖర్చు, ఆ కొద్ది రోజుల బీమా రక్షణకి అయిన చిన్న మొత్తం పట్టుకుని మిగతాదంతా తిరిగిస్తారు. ఒక్క జాగ్రత్త: ఈ రద్దు కాగితం మేనేజరు చేతికి ఇచ్చి ఊరుకోకు. "నేను చూసుకుంటాలే" అన్న మాట నమ్మి ముప్పై రోజులు దాటించుకున్నవాళ్లని నేను చూశాను. బీమా కంపెనీ ఈమెయిల్‌కి నువ్వే పంపు, వాళ్ల జవాబు దాచుకో. బీమా కంపెనీ నుంచి ధ్రువీకరణ ఫోన్ వస్తే, "అన్నిటికీ యెస్ అనెయ్ తమ్ముడూ" అని ఆయన ముందే చెప్పి ఉన్నా సరే, నిజమే చెప్పు. ఆ ఫోన్ రికార్డవుతుంది, రేపు తగువొస్తే కంపెనీ చూపించేది దాన్నే.

ఇప్పుడు అసలు లెక్క. నీకు ఇష్టం లేదన్నావు కానీ ఎందుకు ఇష్టం లేదో రాయలేదు. లోపల ఎక్కడో "20 శాతం నిజమేనేమో, నేనే వదులుకుంటున్నానేమో" అన్న గుంజాటన ఉన్నంతకాలం ఎవరు అడిగినా గట్టిగా కాదనలేం, అందుకే లెక్క ముందు తేల్చుకోవాలి.

నీ పది లక్షలు అలాగే ఉండి, వాటి మీద ఏటా రెండు లక్షలు వస్తే అది 20 శాతం. ఇక్కడ అలా కాదు, పదేళ్లు రెండేసి లక్షలు ఇచ్చాక చివర్లో అసలు అంటూ విడిగా ఏమీ రాదు. అంటే మొదటి ఐదేళ్లు నీకు వచ్చేది నువ్వు కట్టిన పది లక్షలే. మిగతా ఐదేళ్లలో వచ్చే పది లక్షలే నీ లాభం. దీన్నే ఇంకోలా చూడు. నువ్వు మొదటి ఏడాది కట్టిన లక్ష, పన్నెండేళ్లకి రెండు లక్షలై వస్తుంది. రెండో ఏడాది కట్టిన లక్ష కూడా సరిగ్గా పన్నెండేళ్లకి రెండు లక్షలవుతుంది. పదో లక్ష దాకా ఇదే వరస. కాబట్టి మొత్తం ప్లాను ఒక్క ముక్కలో చెప్పాలంటే, డబ్బు పన్నెండేళ్లకి రెట్టింపవుతుంది. రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లతో 72ని భాగిస్తే సుమారు వడ్డీ శాతం తెలుస్తుందని పాత గుమాస్తాలకి కూడా తెలిసిన చిట్కా. 72ని 12తో భాగిస్తే 6.

నువ్వు ఇంజనీరువి, నా మాట మీద వదిలేయకు. ఎక్సెల్‌లో A1 నుంచి A10 వరకు -100000 వెయ్యి, A11, A12 గడుల్లో సున్నా, A13 నుంచి A22 వరకు 200000 వేసి, పక్క గడిలో ఇది కొట్టు:

```
=IRR(A1:A22)
```

శాతంలో రెండు దశాంశాల వరకు చూస్తే 5.95 వస్తుంది. ఎవరు ఏ ప్లాను తెచ్చినా ఈ ఒక్క వరస చాలు, ఏ ఏడాది ఎంత కడుతున్నావు, ఏ ఏడాది ఎంత వస్తుంది అన్నవి రెండే అడుగు, తక్కినవన్నీ పక్కన పెట్టు.

మన భాషలో చెప్పాలంటే ఆరు శాతం అంటే నూటికి అర్ధరూపాయి వడ్డీ, అది కూడా ఏడాదికోసారి అసలులో కలిసే లెక్కన. మీ నాన్నగారు కడుతున్నది నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. నీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం అదే, నువ్వేమో దాన్ని మధ్యలో ఎక్కడో అలా రాసి వెళ్లిపోయావు. లక్షన్నర మీద నెలకి మూడు వేలు, ఏడాదికి 36 వేలు ఆ ఇంటి నుంచి వడ్డీగా పోతోంది. నువ్వు ప్లానుకి కట్టబోయే మొదటి లక్ష ఆ అప్పుకి జమ చేస్తే మిగిలేది యాభై వేలు, నెల వడ్డీ మూడు వేల నుంచి వెయ్యికి దిగుతుంది. ఏడాదికి 24 వేలు మిగిలాయి. ఇదీ గ్యారంటీయే, దీని మీద ట్యాక్సు లేదు, దీనికి ఓటీపీ అక్కర్లేదు. అదే లక్ష ప్లానులో పడితే ఏడాదికి ఆరు వేల లెక్కన పెరుగుతుంది, ఆ ఆరు వేలు కూడా పన్నెండేళ్ల తర్వాతే చేతికి వచ్చేది. ఒకే ఇంట్లో కొడుకు అర్ధరూపాయి వడ్డీకి డబ్బు దాస్తూ, తండ్రి రెండు రూపాయల వడ్డీకి అప్పు మోస్తుంటే ఏటా ఆ తేడా అంతా బయటికి పోయినట్టే.

ఒక మాట ముందే చెప్పాలి, అప్పు తీర్చేటప్పుడు ఇచ్చినవాడికే కట్టి రసీదు రాయించుకో, ప్రోనోటు ఉంటే దాని వెనక జమ రాయించు. మొత్తం తీరిన రోజు ఆ నోటు చించి చేతికి ఇప్పించుకో. ఊళ్లో నమ్మకం మీద నడిచే అప్పుల్లో తగువులు వచ్చేది తీర్చిన తర్వాతే.

ట్యాక్స్ సేవింగ్ అన్నారు కదా, అది నీకు వర్తించదు. నీ జీతం ఏడాదికి ఆరేడు లక్షల మధ్య ఉంటుంది అనుకుంటున్నాను. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను 12 లక్షల వరకు పన్ను పడదు, అంటే పన్నెండు ముప్పావు లక్షల జీతం దాకా నువ్వు కట్టాల్సింది సున్నా. బీమా ప్రీమియం చూపించి పన్ను తగ్గించుకునే 80సి మినహాయింపు పాత విధానంలోనే ఉంది. లేని పన్నుని ఎలా ఆదా చేస్తారు? చివర్లో వచ్చే డబ్బు మీద పన్ను లేదన్నది మాత్రం, షరతులకి లోబడితే, నిజమే. ఆయన పూర్తిగా అబద్ధం చెప్పారని నేను అనను. 30 శాతం శ్లాబులో ఉన్నవాడికి 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద పన్ను పోను మిగిలేది 4.9 శాతమే, అతనికి పన్ను లేని 5.95 కాస్త నయం అనిపించవచ్చు. నువ్వు ఆ మనిషివి కాదు.

అదే పద్ధతిలో ప్రభుత్వ పీపీఎఫ్ చూద్దాం. 2020 ఏప్రిల్ నుంచి దాని వడ్డీ 7.1 శాతం దగ్గరే ఉంది, మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది కాబట్టి మారవచ్చు. ఈ రేటు ఇలాగే ఉంటే లక్ష పన్నెండేళ్లకి సుమారు 2 లక్షల 28 వేలవుతుంది, ప్లానులో రెండు లక్షలు. దాని గడువు పదిహేనేళ్లు, అదీ చిన్నది కాదు. కానీ ఒక ఏడాది చేతిలో డబ్బు లేకపోతే 500 కట్టినా ఖాతా బతికే ఉంటుంది. నీ ప్లానులో లక్షకి లక్ష కట్టాల్సిందే.

ఇక్కడే నాకు భయం. మీది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ ఒక్క రాత్రిలో జీడి, కొబ్బరి చెట్లని వేళ్లతో సహా పడేసింది, ఒక కొబ్బరి మొక్క మళ్లీ కాపుకొచ్చేదాకా ఆ ఇల్లు ఎలా గడిచిందో నీకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి ఏడాదిలో "ప్రీమియం గడువు దగ్గరపడింది" అని మెసేజీ వస్తే ఏం చేస్తావు? గ్రేస్ పీరియడ్ అని ఇంకో నెల ఇస్తారు, అంతే. రెండేళ్లు కట్టి మానేస్తే వెనక్కివ్వడానికి నిబంధనల్లో ఉన్న కనీస హామీ కట్టినదాంట్లో 30 శాతం, మూడేళ్లయితే 35, నాలుగో ఏడాది నుంచి ఏడో ఏడాది వరకు 50 శాతం. 2024 అక్టోబరు తర్వాత వచ్చిన పాలసీల్లో నిబంధనలు మార్చారు కాబట్టి చేతికి వచ్చేది సాధారణంగా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, ఒక్క ఏడాది కట్టి మానేసినా ఎంతో కొంత ఇవ్వాలి. అయినా మొదటి ఏళ్లలో కట్టినంత తిరిగి రాదు. నీ ప్లానుకి ఖచ్చితమైన అంకెలు కావాలంటే బెనిఫిట్ ఇలస్ట్రేషన్ అనే కాగితం అడుగు, అందులో ఏ ఏడాది మానేస్తే ఎంత వస్తుందో సరెండర్ వాల్యూ అనే వరసలో ఉంటుంది. ఆయన చూపించిన రంగు రంగుల బ్రోచరులో అది ఉండదు.

బీమా సంగతి రెండు మాటల్లో. నీకేమైనా అయితే మీ వాళ్లకి పది లక్షలు చాలవు. నీ వయసులో పొగతాగే అలవాటు లేకపోతే 50 లక్షల టర్మ్ పాలసీ ఏడాదికి పదివేల లోపే దొరుకుతుంది, గడువుని బట్టి, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. నాన్నగారి అప్పు, చెల్లెలో తమ్ముడో చదువు, ఇలా నీ జీతం మీద ఆధారపడినవాళ్లుంటే అది తీసుకో. చివర్లో డబ్బు తిరిగి రాదని మొహం చిట్లించకు, అందుకే అది అంత చవక.

ఇప్పుడు నీ మెయిల్. మర్యాదగానే ఉంది కానీ అది కాదనడం కాదు తమ్ముడూ, వాయిదా అడగడం. నేను ఆ వైపు కూర్చున్నవాణ్ణి, ఆ మెయిల్ చదివితే ఆయన ఏం అనుకుంటారో చెబుతాను. "ప్లాను బాగుంది" అన్నావు, అంటే సగం ఒప్పుకున్నావు. "ఖర్చులున్నాయి" అంటే "అయితే యాభై వేలతో మొదలెట్టు" అంటారు. "నాన్నగారితో మాట్లాడి" అంటే "నేనే ఆదివారం పలాస వైపు వస్తన్నాను, మీ నాన్నకి నేను చెప్తానులే" అంటారు, వస్తారు కూడా, మీ నాన్నగారు లోను సాయం గుర్తొచ్చి సరే అనేస్తారు. "మార్చి తర్వాత" అన్నావు, ఆయన టార్గెట్ ముగిసేదే మార్చి 31న, అందుకని ఫిబ్రవరి నుంచి రోజుకో ఫోన్ వస్తుంది. నువ్వు చెప్పే ప్రతి కారణానికీ ఆయనకి ట్రైనింగులో ఒక జవాబు నేర్పే ఉంటారు. కాబట్టి కారణం చెప్పకు. నిర్ణయం చెప్పు. ఇలా రాయి:

"నమస్కారం సార్. మీరు చెప్పిన ఇన్‌కమ్ ప్లాను గురించి ఆలోచించాను. నేను దీన్ని తీసుకోవడం లేదు, ఇది నా ఖాయమైన నిర్ణయం. నేను ఇచ్చిన ఆధార్, పాన్ కాపీలని గానీ, చెప్పిన ఓటీపీని గానీ ఏ పాలసీకీ, ఆటో డెబిట్‌కీ నా సమ్మతిగా తీసుకోవద్దు. నా పేరు మీద ప్రపోజల్ నమోదై ఉంటే రద్దు చేసి, రద్దయినట్టు ఈ మెయిల్‌కి జవాబివ్వగలరు. ఇకపై పెట్టుబడి, బీమా పథకాల గురించి నాకు ఫోన్ చేయవద్దని మనవి. నాన్నగారి లోను విషయంలో మీరు చేసిన సాయానికి మేం ఎప్పుడూ కృతజ్ఞులం."

చూశావా, ఇందులో "క్షమించండి" లేదు, "ఏమీ అనుకోకండి" లేదు, నువ్వు తప్పేమీ చేయలేదు కాబట్టి. కృతజ్ఞత చివరి వాక్యంలో ఉంది, అది నిజమైన కృతజ్ఞతే కాబట్టి ఉండాలి, కానీ దాన్ని "తీసుకోవడం లేదు" అన్న మాటకి ఆనించి రాయకూడదు, ఆనిస్తే ఆ సాయానికి బదులు బాకీ ఉన్నట్టు అవుతుంది. వాట్సాప్‌లో కాకుండా ఆయన బ్యాంకు ఈమెయిల్‌కి పంపు, నీ దగ్గర తేదీతో ఆధారం ఉంటుంది.

ఆ తర్వాత ఫోన్ వస్తుంది, తప్పదు. "ఏటి తమ్ముడూ, ఇంత చేస్తే ఇదేనా?" అనొచ్చు. అప్పుడు లెక్కలు చర్చకి పెట్టుకోకు, 5.95 శాతం సంగతి ఎత్తావంటే గంట పోతుంది. "మెయిల్లో రాశాను సార్, మారదు. మీరు బాగున్నారా?" అని మాట మార్చెయ్. మరీ పట్టు పడితే ఒక్కటే అడుగు: "20 శాతం వస్తుందన్నారు కదా, అదే ముక్క మీ బ్యాంకు మెయిల్ నుంచి నాకు రాసి పంపండి." ఆ మెయిల్ రాదు. రాస్తే తన ఉద్యోగానికే ఇబ్బందని ఆయనకి తెలుసు.

లాకరు, లోను భయం నీకు మొహమాటం కంటే పెద్దదని నాకు అనిపించింది. పంట లోను ఫైలు ఆయన చేతిలో ఉండదు. దాన్ని చూసేది ఫీల్డ్ ఆఫీసరు, సంతకం పెట్టేది బ్రాంచి మేనేజరు. రెన్యువల్ ఆగేది పాత బాకీ సకాలంలో కట్టకపోతేనో, భూమి కాగితాల్లో తేడా ఉంటేనో. మూడు లక్షల లోపు పంట లోను గడువులోగా కట్టేస్తే వడ్డీ రాయితీలు పోను 4 శాతమే పడుతుంది, నాన్నగారు ఆ తేదీ తప్పకుండా చూసుకోమను, ఆ ఒక్కటీ చేస్తే ఎవరి దయా అక్కర్లేదు. ఇంకో సంగతి, కొన్ని బ్రాంచీల్లో రిలేషన్‌షిప్ మేనేజర్ కుర్చీలో కూర్చునేది బీమా కంపెనీ ఉద్యోగి, బ్యాంకు ఉద్యోగే కాదు. ఆయన విజిటింగ్ కార్డు ఒకసారి సరిగ్గా చదువు.

లాకరుకి పాలసీ షరతు పెట్టకూడదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు అడగగలిగేది మూడేళ్ల అద్దె, అవసరమైతే లాకరు పగలగొట్టే ఖర్చు, ఈ రెండింటికి సరిపడా ఒక టర్మ్ డిపాజిట్. అంతే. లాకరు ఖాళీ లేకపోతే దరఖాస్తు తీసుకుని వెయిటింగ్ లిస్టు నంబరు ఇవ్వాలి.

మరి నీ ముందున్న దారులు ఎన్ని అంటే, పై మెయిల్ పంపి తెగ్గొట్టడం ఒకటి. దానికయ్యే ఖర్చు, బ్రాంచికి వెళ్లినప్పుడు ఆయన మొహం కాస్త ముడుచుకుంటుంది, ఓ రెండు నెలలు. టార్గెట్ ఇంకొకరితో తీరాక ఆయనే పలకరిస్తారు, నా అనుభవంలో ఎక్కువమంది అంతే.

సంబంధం చెడకూడదు, ఏదో ఒకటి చేసి పెడదాం అనుకుంటే, అత్యవసరానికి దాచుకునే డబ్బు ఎలాగూ ఎక్కడో ఉంచాలి కదా, నెలకి ఐదు వేల రికరింగ్ డిపాజిట్ ఆయన దగ్గరే తెరువు. ఎప్పుడైనా మూసుకోవచ్చు, పోయేది కాస్త వడ్డీ మాత్రమే. ఆయనకి బీమా అమ్మినంత సంతోషం ఉండదు, ఎందుకంటే మొదటి ఏడాది ప్రీమియం మీద కంపెనీ ఇచ్చే కమిషన్ దీంట్లో ఉండదు. దీనిలో ఉన్న ప్రమాదం, ఒక్కసారి ఏదో ఒకటి ఇచ్చినవాడి దగ్గరికి మళ్లీ వస్తారు. అందుకే ఇది చేసేటట్టయితే మెయిల్ వెళ్లిన తర్వాతే చెయ్యి, ముందు కాదు.

మొహమాటానికి "సరే సగం, యాభై వేలది తీసుకుంటాను" అనే దారి కూడా నీ మనసులో ఉండే ఉంటుంది. అందరూ అక్కడికే జారతారు. సగం తీసుకుంటే నష్టం సగమవుతుంది కానీ కట్టాల్సిన ఏళ్లు మాత్రం పదే. నాన్నగారి అప్పు తీరేదాకా దీని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నీ అనుమతి లేకుండా పాలసీ తెరిచినట్టు తేలినా, డబ్బు కట్ అయి తిరిగి రాకపోయినా అప్పుడు ఫిర్యాదు దారి ఉంది. బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, అక్కడ తేలకపోతే 155255కి ఫోన్ చేసి గానీ బీమా భరోసా పోర్టల్‌లో గానీ నమోదు చెయ్యి, ఆ తర్వాత హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన జిల్లాలూ ఆ పరిధిలోకే వస్తాయి. బ్యాంకు తప్పు మీదైతే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టవచ్చు. దీని ఫలితం ఒక మనిషి ఉద్యోగం మీద పడొచ్చు, అందుకే మెయిల్‌కి ఆయన మర్యాదగా రద్దు చేసేస్తే ఇంత దూరం వెళ్లక్కర్లేదు.

నేనెందుకు ఇంత పట్టుగా రాస్తున్నానో కూడా చెబుతాను. నేను ఉద్యోగంలో ఉండగా నరసన్నపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చి, రెండు లక్షలు ఫిక్స్‌డ్ వేయాలన్నారు. పక్క సీటులో ఉన్నతను "ఇది ఫిక్స్‌డ్ కన్నా మంచిది మాస్టారూ" అని ఏవో నాలుగు సంతకాలు పెట్టించాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. సరిగ్గా ఏడాదికి ఆయన వణుకుతున్న చేతుల్తో ఒక కాగితం పట్టుకుని వచ్చారు, రెండో ఏడాది ప్రీమియం రెండు లక్షలు కట్టమని నోటీసు. పెన్షను మీద బతికే మనిషి, ఎక్కడి నుంచి తెస్తారు? కట్టలేక వదిలేసుకున్నారు. ఆ రోజు నోరు విప్పని తప్పు నాది, దాన్ని నేను మరచిపోలేదు.

కాబట్టి ఈ సాయంత్రం మెసేజీలు వెతికి, మెయిల్ పంపు. రేపో ఎల్లుండో అమ్మగారిని తీసుకుని బ్రాంచికి వెళ్లు, ఆయన టేబులు దగ్గరికి కాకుండా నేరుగా బ్రాంచి మేనేజరు దగ్గరికి వెళ్లి లాకరు దరఖాస్తు ఇచ్చి, వెయిటింగ్ లిస్టు నంబరు కాగితం మీద రాయించుకుని రా.